ముడతలు చెరిపేసింది నా నెగటివ్ ప్రాంప్టే: ఒక పోర్ట్రెయిట్ కేస్ స్టడీ

గాజువాక నుంచి ఒకాయన మా స్టూడియోకి వచ్చారు. స్టీల్ ప్లాంట్‌లో పనిచేసి రిటైరయ్యారు. వాళ్లమ్మగారికి సహస్ర చంద్ర దర్శనం చేస్తున్నారు. ఫంక్షన్ హాల్లో వేదిక పక్కన పెట్టడానికి 20×30 అంగుళాల ఫోటో కావాలి. అయితే ఆవిడ కొన్ని నెలల కిందట పడిపోయి తుంటి ఆపరేషన్ చేయించుకున్నారు. బాగా చిక్కిపోయారు, కుర్చీలో ఎక్కువసేపు కూర్చోలేరు.

"మంచం మీద ఉన్నట్టు వద్దండి. మూడేళ్ల కిందట ఎలా ఉండేదో అలా కావాలి. పట్టుచీర కట్టుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నట్టు" అన్నారు. ఫోన్లో మూడు ఫోటోలు చూపించారు. ఒకటి మనవరాలు తీసిన సెల్ఫీ. ఇంకొకటి సింహాచలం మెట్ల దగ్గర, మనవరాలు భుజం మీద చెయ్యి వేసి నిలబడినది. మూడోది వంటింట్లో ట్యూబ్‌లైట్ కింద తీసింది, కొంచెం మసకగా ఉంది.

పని మొదలుపెట్టే ముందు రెండు విషయాలు అడిగాను. ఇది కెమెరా తీసిన ఫోటో కాదని, కంప్యూటర్‌లో తయారైన బొమ్మ అని అమ్మగారికి తెలుసా, ఒప్పుకున్నారా అని. ఆయన అక్కడి నుంచే ఫోన్ చేసి ఆవిడతో మాట్లాడించారు. ఆవిడ ఒప్పుకున్నాకే అడ్వాన్స్ తీసుకున్నాను.

నా పద్ధతి అప్పటికి ఒకటే. మాటల నుంచి బొమ్మలు తయారుచేసే ఏఐ మోడళ్లని నడిపే కంఫీ యూఐలో SDXL ఆధారంగా ఉన్న ఫోటో మోడల్, దానికి ముఖం కోసం ఐపీ-అడాప్టర్. రిఫరెన్స్ ఫోటోలో ఉన్న ముఖాన్ని చూసి, మనం మాటల్లో చెప్పిన దృశ్యంలో ఆ ముఖాన్ని పెట్టడం ఐపీ-అడాప్టర్ పని. మూడింటిలో సెల్ఫీయే స్పష్టంగా ఉంది, ముఖం పెద్దగా ఉంది. దాన్నే రిఫరెన్స్‌గా ఇచ్చాను. 832×1216 సైజు, 30 స్టెప్పులు, సీఎఫ్‌జీ 7. బొమ్మలో వద్దనుకున్నవి రాసే నెగటివ్ ప్రాంప్ట్ మాత్రం ఎప్పుడో ఎక్కడో కాపీ చేసుకుని, పనికీ పనికీ పెంచుకుంటూ వచ్చిన జాబితా:

```
worst quality, low quality, lowres, blurry,
skin spots, acnes, skin blemishes, age spot, wrinkles,
bad anatomy, bad hands, extra fingers,
missing fingers, fused fingers, mutated hands
```

ఎనిమిది బొమ్మలు తీశాను. ఫోన్ సైజులో చూస్తే బాగున్నట్టే ఉన్నాయి. వంద శాతానికి జూమ్ చేస్తే బుగ్గలు మైనం పోసినట్టున్నాయి. నుదురు మీద గీత లేదు. ఎనభై దాటినావిడ తెల్లజుట్టు పెట్టుకున్న నలభై ఏళ్ల మనిషిలా ఉన్నారు. ఇక చేతులు: ఎనిమిదింటిలో ఆరింట్లో వేళ్ల లెక్క తప్పింది. ఒకదానిలో పైచేతికి ఆరు వేళ్లు, ఇంకొకదానిలో రెండు బొటనవేళ్లూ ఒకే వైపు. చేతులు బాగున్న రెండింటిలో ఒకటి ఎంచుకుని ఆయనకి పంపాను. సాయంత్రం ఫోన్ వచ్చింది. "అమ్మకి చూపించానండి. 'ఏటిది నాయనా, బొమ్మలా ఉంది, ఇది నాను కాదు' అంటోంది."

ఆవిడ మాట నూటికి నూరుపాళ్లు నిజం. ఆ మాట పట్టుకునే కారణం వెతకడం మొదలుపెట్టాను.

నెగటివ్ ప్రాంప్ట్‌ని మనలో చాలామంది నిషేధాల పట్టికలా చూస్తాం. అందులో రాస్తే అది రాదు అనుకుంటాం. లోపల జరిగేది అది కాదు. మోడల్ చుక్కల గజిబిజి లాంటి నాయిస్‌తో మొదలుపెట్టి, స్టెప్పు స్టెప్పుకీ దాన్ని తీసేస్తూ బొమ్మని తేలుస్తుంది. ప్రతి స్టెప్పులో మోడల్ బొమ్మలోని నాయిస్‌ని రెండుసార్లు అంచనా వేస్తుంది: ఒకసారి మన ప్రాంప్ట్, రిఫరెన్స్ చూసి, ఇంకోసారి నెగటివ్ ప్రాంప్ట్ చూసి. నెగటివ్ ఖాళీగా ఉంటే ఖాళీ ప్రాంప్ట్‌తో ఆ రెండో అంచనా వేస్తుంది. తర్వాత రెండింటినీ ఇలా కలుపుతుంది:

```
result = neg + cfg × (pos − neg)
```

చిన్న అంకెలతో చూస్తే విషయం తేటపడుతుంది. ఏదో ఒక చోట pos 10, neg 8 అనుకుందాం. సీఎఫ్‌జీ 1 అయితే జవాబు 8 + 2, అంటే 10. నెగటివ్ పూర్తిగా కొట్టుకుపోయింది. సీఎఫ్‌జీ 4 అయితే 8 + 8, అంటే 16. సీఎఫ్‌జీ 7 అయితే 22. మనం అడిగింది 10, వచ్చింది 22. అంటే నెగటివ్ గోడ కాదు, ఒక దిక్కు. ఆ దిక్కుకి ఎదురుగా మోడల్‌ని తోస్తాం, ఎంత గట్టిగా తోయాలో సీఎఫ్‌జీ చెబుతుంది. ఈ లెక్కకి క్లాసిఫయర్-ఫ్రీ గైడెన్స్ అని పేరు. తక్కువ స్టెప్పుల్లో పనిచేసే టర్బో, లైట్నింగ్ రకం మోడళ్లని సీఎఫ్‌జీ 1 దగ్గర నడిపేవాళ్లకి నెగటివ్‌లో ఏం రాసినా తేడా ఎందుకు కనిపించదో కూడా ఇందులోనే ఉంది.

ఇప్పుడు నా జాబితాని మళ్లీ చదవండి. `skin spots`, `skin blemishes`, `age spot`, `wrinkles`. మచ్చలు, వయసు మచ్చలు, ముడతలు. ఎనభై ఏళ్ల ముఖంలో ఉండేవే అవి. వాటి నుంచి దూరంగా పొమ్మని నేనే ఏడు రెట్ల బలంతో తోస్తున్నాను. ఒకవైపు పాజిటివ్‌లో 80 ఏళ్ల స్త్రీ అని రాస్తున్నాను, ఇంకోవైపు ఆ వయసు గుర్తులన్నీ తీసేయమంటున్నాను. ప్లాస్టిక్ చర్మాన్ని మోడల్ సొంతంగా తెచ్చిపెట్టలేదు, నా జాబితా అడిగి తెప్పించుకుంది. ఆ జాబితా మొదట రాసినవాళ్లు అందమైన అమ్మాయిల బొమ్మల కోసం రాసుకున్నారు. దాన్ని నేను అందరి ముఖాలకీ వాడుతూ వచ్చాను.

ఫిల్మ్ రోజుల్లో మా గురువుగారు నెగటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో ముడతలు పూడ్చేవారు. నెగటివ్‌లో పెన్సిల్ పడిన చోట ప్రింట్ తెల్లబడుతుంది, గీత మాయమవుతుంది. పెద్దవాళ్ల ఫోటోలకి మాత్రం కళ్ల పక్కన గీతలు ఎప్పుడూ ముట్టుకునేవారు కాదు, "అవి తీస్తే మనిషి పోతాడు" అనేవారు. ఆ మాట విని పెరిగి కూడా నేను ఈ తప్పు చేశాను.

జాబితా మొత్తం తీసేశాను. అవే ఎనిమిది సీడ్‌లు, అంటే మొదటి నాయిస్‌ని నిర్ణయించే అంకెలు పెట్టి, నెగటివ్ ఖాళీగా ఉంచి మళ్లీ తీశాను. సీడ్ మార్చకుండా ఒక్కసారి ఒక్కటే మార్చడం ఈ పనిలో తప్పనిసరి. లేకపోతే మంచి బొమ్మ సెట్టింగ్ వల్ల వచ్చిందో అదృష్టం వల్ల వచ్చిందో తెలియదు. నుదుటి గీతలు వచ్చాయి, కళ్ల కింద సంచులు కనిపించాయి. కానీ బుగ్గల మీద మెరుపు ఇంకా పోలేదు. సీఎఫ్‌జీ 7 నుంచి 4.5కి తగ్గించాను. వెలుగు పడిన చోట తెల్లగా అతికినట్టున్న మెరుపు సగం తగ్గింది. ఎక్కువ సీఎఫ్‌జీ రంగుల్నీ వెలుగునీడల తేడానీ కూడా పై లెక్క ప్రకారమే హద్దు దాటిస్తుంది. చర్మం మీద అది నూనె పూసిన రబ్బరులా కనిపిస్తుంది. 3కి తగ్గిస్తే చర్మం ఇంకా సహజంగా వచ్చింది గానీ పట్టుచీర నూలుచీర అయింది, చేతులు ఒళ్లోంచి ఎక్కడికో పోయాయి. ప్రాంప్ట్ మాట వినడం తగ్గిందన్నమాట. 4.5 దగ్గర ఆగాను.

అప్పుడు నెగటివ్‌లో ఏం రాయాలా అని ఆలోచించాను. చర్మం లక్షణాలు రాయకూడదు. మైనపు చర్మం ఎక్కడెక్కడ కనిపిస్తుందో ఆ బొమ్మల రకాల పేర్లు రాయాలి. ఎయిర్‌బ్రష్ చేసిన పత్రికా చిత్రాలు, బొమ్మల ముఖాలు, కంప్యూటర్ రెండర్లు, ఇవన్నీ మోడల్ శిక్షణలో నిజంగా చూసిన రకాలు. వాటికి అలాంటి శీర్షికలే ఉండేవి. అందుకే ఆ మాటలకి మోడల్ దగ్గర స్పష్టమైన దిక్కు ఉంటుంది, దానికి ఎదురుగా తోయడానికి వీలుంటుంది. చివరికి నిలిచిన జాబితా ఇంతే:

```
airbrushed skin, plastic skin, doll, 3d render, beauty filter
```

మధ్యలో `shiny skin` కూడా కలిపి చూశాను. అది వెంటనే తీసేయాల్సి వచ్చింది. బుగ్గల మెరుపుతో పాటు చీర జరీ మెరుపు పోయింది, ముక్కుపుడక రాయి మసిబారింది. నెగటివ్ మాట బొమ్మ మొత్తానికి తగులుతుంది, ముఖానికి మాత్రమే అని దానికి మాటల్లో చెప్పలేం. పైగా మన విశాఖ ఉక్కపోతలో ఎవరి ముఖమైనా కాస్త మెరుస్తుంది. అది పూర్తిగా తీసేస్తే పౌడర్ అద్దినట్టు, ఎక్కడో చలిదేశంలో తీసినట్టు ఉంటుంది. ఇంకో అతి కూడా చేసి చూశాను: `plastic skin` బరువు, అంటే ఆ మాటకి ఇచ్చే ప్రాధాన్యం, 1.6కి పెంచాను. చర్మం రాయి చెక్కినట్టు గరుకైంది, ముఖం మీద మశూచి మచ్చల్లాంటి గుంటలు పడ్డాయి, ఆవిడ వయసు పదేళ్లు పెరిగింది. ప్లాస్టిక్ నుంచి దూరంగా తోస్తూ పోతే మనిషి చర్మం దగ్గర ఆగదు, దాన్ని దాటి ఎండిన బెరడు వైపు పోతుంది. మాటకి బరువు 1.2 దాటించాల్సిన అవసరం ఈ పనిలో రాలేదు.

ఇంకో ఇబ్బంది కనిపించింది. ఈ చర్మం మాటలు మొదటి స్టెప్పు నుంచీ పనిచేస్తే ముఖం ఆకారం కూడా మారుతోంది. దవడ సన్నబడుతోంది, బుగ్గలు లోపలికి పోతున్నాయి. బహుశా `doll` అనే మాట గుండ్రటి ముఖాన్ని కూడా తోసేస్తున్నట్టుంది. ఆవిడది గుండ్రటి ముఖమే. మొదటి స్టెప్పుల్లో బొమ్మ అమరిక, ఆకారాలు స్థిరపడతాయి. చర్మం నేత లాంటి సన్నటి వివరం చివరి స్టెప్పుల్లో వస్తుంది. అందుకని నెగటివ్‌ని రెండు ముక్కలు చేశాను. కంఫీలో `ConditioningSetTimestepRange` అనే నోడ్ ఉంది. ఖాళీ నెగటివ్‌కి 0.0 నుంచి 0.4, చర్మం జాబితాకి 0.4 నుంచి 1.0 పెట్టి, రెండింటినీ `ConditioningCombine`తో కలిపి శాంప్లర్ నెగటివ్‌కి ఇచ్చాను. ముఖం గుండ్రంగా నిలిచింది, చర్మం మారింది. ఈ మొత్తం పనిలో నాకు అన్నిటికన్నా ఉపయోగపడిన మార్పు ఇదే.

అయినా ఎడమ బుగ్గ మీద ఒక నున్నటి ప్రదేశం ప్రతి సీడ్‌లోనూ వస్తూనే ఉంది. ప్రతి సీడ్‌లో ఒకే చోట వచ్చే లోపం నాయిస్ వల్ల రాదు, ఇచ్చిన సరుకులోనే ఉంటుంది. సెల్ఫీని పెద్దది చేసి చూశాను. మనవరాలి ఫోన్లో బ్యూటీ మోడ్ ఆన్‌లో ఉంది. వెలుగు తగిలిన ఎడమ బుగ్గని ఫోనే తుడిచేసింది. ఇక్కడ పై లెక్క మళ్లీ గుర్తు చేసుకోవాలి. ఐపీ-అడాప్టర్ రిఫరెన్స్‌ని pos వైపు మాత్రమే ఇస్తుంది. neg వైపు ఖాళీ ఉంటుంది. కాబట్టి రిఫరెన్స్‌లో ఉన్నది ముఖమైనా, ఫిల్టరైనా, సీఎఫ్‌జీ దాన్ని కూడా పెంచుతుంది. నేను మాటలతో ఒకవైపు లాగుతుంటే, ఫోటో ఇంకోవైపు అంతే బలంగా లాగుతోంది.

దీనికి తోడు ఇంకో నిజం ఉంది. రిఫరెన్స్‌ని చదివే CLIP ఎన్‌కోడర్ దాన్ని 224×224కి కుదించి చూస్తుంది. ఆ సైజులో చర్మ రంధ్రాలు ఉండవు, సన్న ముడతలు కూడా ఉండవు. అంటే ఎంత పెద్ద ఫోటో ఇచ్చినా చర్మం నేత రిఫరెన్స్ నుంచి రాదు. ముఖం పోలిక వస్తుంది, పెద్ద వెలుగునీడలు వస్తాయి. చర్మం మోడల్ తన అలవాటు నుంచి నింపుతుంది. అందుకని రిఫరెన్స్ ఎంచుకునేటప్పుడు ఎక్కువ మెగాపిక్సెళ్ల కోసం చూడక్కర్లేదు. ఫిల్టర్ లేకపోవడం, పక్క నుంచి వెలుగు పడి ముడతలకి నీడలు ఉండటం, ఈ రెండూ చూడాలి. వంటింటి ఫోటో కొంచెం మసక అయినా అందులో నీడలు నిజమైనవి. ముఖం వరకు చదరంగా కత్తిరించి దాన్ని రిఫరెన్స్‌గా పెట్టాను, ఐపీ-అడాప్టర్ బరువు 0.7. ఎడమ బుగ్గ మీద నున్నటి మచ్చ ఆ ఒక్క మార్పుతో పోయింది.

మాటలు కాకుండా బొమ్మనే నెగటివ్‌గా ఇవ్వొచ్చు కదా అని కూడా ఒక రోజంతా ప్రయత్నించాను. `IPAdapter Advanced` నోడ్‌లో `image_negative` అని ఒక ద్వారం ఉంది. మొదట వచ్చిన మైనపు ముఖాన్నే అక్కడ ఇచ్చాను. చర్మం నిజంగానే బాగుపడింది, కానీ పోలిక తగ్గింది. కారణం లెక్కలోనే ఉంది: రెండు వైపులా అదే మనిషి ముఖం ఉంటే (pos − neg)లో ఆ ముఖం కొట్టుకుపోతుంది, తేడాగా చర్మం మాత్రమే మిగులుతుంది. ముఖానికి ఇక సీఎఫ్‌జీ బలం దొరకదు. వేరే మనిషి మైనపు ముఖం ఇస్తే ఇంకా చిక్కు. ఆ మనిషి ముక్కుకీ కళ్లకీ వ్యతిరేకంగా మన ముఖం వంగిపోతుంది. పోలికే ప్రాణమైన పనిలో ఇది వాడలేను. ఊహా పాత్రల బొమ్మలు గీసేవాళ్లకి పనికొస్తుందేమో.

చర్మం ఒక దారికి వచ్చింది. వేళ్ల దగ్గర మాత్రం నా అనుభవం పూర్తిగా వేరు.

మొదటి జాబితాలో చేతుల గురించి అయిదు మాటలున్నాయి. అవన్నీ ఉన్నప్పుడు ఎనిమిదింటిలో ఆరు తప్పు. అవి తీసేసి, మిగతావన్నీ అలాగే ఉంచి తీస్తే ఎనిమిదింటిలో అయిదు తప్పు. ఎనిమిది బొమ్మల్లో ఆ ఒక్క తేడాని ఏమీ అనలేం. అంత నమ్మకంగా రాసుకున్న మాటలకి కళ్లకి కనిపించే లాభం లేదన్నది మాత్రం తేలింది. వాటి బరువు 1.5కి పెంచి చూశాను. అప్పుడు తప్పు వేళ్లు తగ్గాయి. ఎలా తగ్గాయో చూస్తే, చేతులే కనిపించడం మానేశాయి! పమిట కింద దాక్కున్నాయి, లేదా ఫ్రేమ్ బయటికి పోయాయి. మోడల్ ఎక్కువ వేళ్లని కాదు, చేతులనే తప్పించుకుంది.

ఎందుకిలా? శిక్షణలో ప్లాస్టిక్ బొమ్మల ఫోటోలు ఉంటాయి, ఆరు వేళ్లున్న చేతుల ఫోటోలు దాదాపు ఉండవు. `extra fingers` అన్న మాటకి మోడల్ దగ్గర సరైన బొమ్మ లేదు. ఆ మాటలో దానికి తెలిసింది వేళ్లు, చేతులు. పైగా మోడల్ లెక్కపెట్టదు. ఒక వేలు పక్కన ఇంకో వేలు ఉండటం మామూలు అని దానికి తెలుసు, అయిదు దగ్గర ఆగాలని తెలియదు. చర్మం తీరు ఒక దిక్కు అవుతుంది, వేళ్ల సంఖ్య అవ్వదు. ఈ తేడా తెలియక నేను ఇన్నాళ్లూ రెండింటినీ ఒకే డబ్బాలో వేసి ఫలితం ఆశించాను.

ఇంకో కారణం సైజు. 832 వెడల్పు బొమ్మలో ఒళ్లో ఉన్న చెయ్యి సుమారు 140 పిక్సెళ్లు ఉంది. మోడల్ పనిచేసేది పిక్సెళ్ల మీద కాదు, ఎనిమిదింట ఒక వంతుకి కుదించిన గళ్ల మీద. 140ని 8తో భాగిస్తే 17 గళ్లు. అందులో నాలుగైదు వేళ్లు పట్టాలి, మధ్యలో సందులు ఉండాలి. ఒక్కో వేలికి మూడు గళ్లు కూడా సరిగా రావు. అంత చోటులో ఏ మాట రాసినా వేలు వేలుగా నిలబడదు.

ఈ లెక్క వేసుకుంటున్నప్పుడే ఇంకోటి కంటపడింది. సింహాచలం ఫోటోని రిఫరెన్స్‌గా పరీక్షించిన బొమ్మల్లో నాలుగింట్లో ఆవిడ ఎడమ భుజం దగ్గర ఎవరివో వేళ్ల కొసలు వచ్చాయి. అవి మోడల్ కల్పించినవి కావు, మనవరాలివి. నేను భుజాల వరకు కత్తిరించిన ఫోటోలో ఆ అమ్మాయి చెయ్యి కొసలు మిగిలాయి. ఎన్‌కోడర్ ఈ ఫోటోలో చెయ్యి ఉంది అని చెబుతోంది, మోడల్ దాన్ని ఎక్కడో ఒక చోట పెడుతోంది. గడ్డం కింద వరకే కత్తిరించాక ఆ వేళ్లు మళ్లీ రాలేదు. అదనపు వేళ్లు కనిపిస్తే నెగటివ్‌లో మాటలు పేర్చే ముందు రిఫరెన్స్‌లో ఇంకెవరి చెయ్యైనా ఉందేమో చూసుకోవాలి. గడ్డం కింద ఆనించిన సొంత చెయ్యి కూడా ఇదే పని చేస్తుంది.

ఇక చేతుల్ని వేరే పనిగా పెట్టుకున్నాను. గాజువాక ఆయనకి ఫోన్ చేసి, "మీ చెల్లెలుగారిని కుర్చీలో కూర్చోబెట్టి, ఒక చేతి మీద ఇంకో చెయ్యి ఒళ్లో పెట్టించి, చేతులకి ఎదురుగా ఫోన్ పెట్టి ఒక ఫోటో తీసి పంపండి" అన్నాను. వచ్చిన ఫోటో నుంచి డెప్త్ మ్యాప్ తీశాను. అంటే ఏది ముందుకుంది, ఏది వెనక్కుంది అని మాత్రమే చెప్పే బూడిదరంగు బొమ్మ. అందులో చర్మం రంగు, వయసు ఉండవు, ఆకారం ఉంటుంది. తర్వాత చర్మం బాగా వచ్చిన బొమ్మలో ఒడి భాగాన్ని మాత్రం కత్తిరించి 1024×1024కి పెంచాను. ఇప్పుడు చెయ్యి సుమారు 600 పిక్సెళ్లు, 75 గళ్లు. చేతుల మీద, మణికట్టు దాటి కొంచెం వరకు మాస్క్ గీసి, ఆ డెప్త్ మ్యాప్‌ని మోడల్ అనుసరించేలా చేసే కంట్రోల్‌నెట్ బరువు 0.8తో ఇన్‌పెయింట్ చేశాను, అంటే మాస్క్ ఉన్న చోటు మాత్రమే మళ్లీ గీయించాను.

పాత బొమ్మకి ఎంత నాయిస్ కలిపి మళ్లీ గీయాలో చెప్పే డినాయిజ్ 0.4 దగ్గర పాత తప్పు వేళ్లే కొత్తగా మెరుగుపడి వచ్చాయి. ఆరో వేలు ఇంకా అందంగా తయారైంది! ఆకారం మారాలంటే ఎక్కువ నాయిస్ కావాలి. 0.75 దగ్గర వేళ్లు డెప్త్ చెప్పినట్టు కూర్చున్నాయి. ఈ దశలో ఐపీ-అడాప్టర్‌ని ఆపేశాను. ముఖం రిఫరెన్స్ ఒళ్లోని చేతులకి అక్కర్లేదు, ఉంచితే వేళ్ల కణుపుల దగ్గర కళ్ల లాంటి నీడలు వస్తున్నాయి. నెగటివ్‌లో వేళ్ల మాట ఒక్కటీ లేదు, చర్మం జాబితా మాత్రం ఉంచాను. అది లేకపోతే ముఖానికి ఎనభై ఏళ్లు, చేతులకి పాతికేళ్లు అవుతున్నాయి. పాజిటివ్‌లో వయసైన చేతులు, పైకి తేలిన నరాలు అని రాశాను. నాలుగు ప్రయత్నాల్లో మూడు సరిగ్గా వచ్చాయి.

సరిగ్గా వచ్చాయని ఎలా చెప్పగలం? వేళ్లు లెక్కపెడితే చాలదు. ఒక చేతి మీద ఇంకో చెయ్యి ఉంటే కింది చేతి వేళ్ల కొసలు పక్క నుంచి కనిపిస్తాయి, వాటిని పైచేతిలో కలిపి లెక్కపెట్టేస్తాం. నేను మణికట్టు నుంచి మొదలుపెడతాను. ఏ మణికట్టు ఏ చేతిదో చూసి, దాని బొటనవేలు ఒంటికి ఏ వైపు ఉండాలో నా చేతుల్ని అలాగే పెట్టి పోల్చుకుంటాను. తర్వాత ప్రతి వేలినీ కొస నుంచి అరచేతి వరకు వెనక్కి నడిపిస్తాను. ఏ వేలైనా గాజుల్లోకో, ఇంకో వేలి మధ్యలోకో కలిసిపోతే అది తప్పు వేలే. ఇక్కడ కుడిచేతి చిటికెన వేలికి ఒక కణుపు తక్కువైంది. అది చిన్న మాస్క్‌తో మళ్లీ చేశాను.

చివర్లో ఒక పాత అలవాటు ఇంచుమించు అంతా పాడుచేసేది. ప్రింట్‌కి పెంచేటప్పుడు ముఖాన్ని బాగుచేసే ఫేస్ రిస్టోర్ టూల్ ఒకటి నా వర్క్‌ఫ్లో చివర ఎప్పుడూ ఆన్‌లో ఉంటుంది. పెంచిన బొమ్మ తెరిచి చూస్తే ఆవిడ మళ్లీ బొమ్మయ్యారు. ఆ టూల్ మసక ముఖాల మీద తనకి తెలిసిన శుభ్రమైన ముఖాన్ని పరుస్తుంది. దానికి మన నెగటివ్ ప్రాంప్ట్‌తో సంబంధమే లేదు. అది ఆపేసి, రెండు రెట్లకి పెంచి, డినాయిజ్ 0.25తో భాగాలు భాగాలుగా మళ్లీ నడిపాను, అదే చర్మం జాబితాతో. మిగిలిన పెంపు మామూలు అప్‌స్కేలర్‌తో చేసి, పైన సన్నటి గ్రెయిన్ కలిపాను. మొత్తం ఫోటో ప్రింట్ చేయించే ముందు ముఖం భాగం ఒక్కటే అసలు సైజులో చిన్న కాగితం మీద తీయించి చూశాను. మైనపు చర్మాన్ని స్క్రీన్ దాచగలదు గానీ, 20×30 ప్రింట్ దాచదు.

మాటలతో, రిఫరెన్స్‌తో రానివి కొన్ని ఉన్నాయి. ఆవిడ కుడికన్ను కింద ఒక పుట్టుమచ్చ ఉంది. 224 పిక్సెళ్లలో అది ఒక చుక్క కూడా కాదు, ఏ సీడ్‌లోనూ రాలేదు. వంటింటి ఫోటోలో చోటు కొలుచుకుని, ఫోటోషాప్‌లో నేనే పెట్టాను. పచ్చబొట్టు, గాటు మచ్చ, పన్ను సందు లాంటివి కూడా ఇలాగే చేత్తో పెట్టాల్సినవే.

ప్రింట్ వెనక ఇది కంప్యూటర్‌లో తయారుచేసిన చిత్రమని, తేదీ వేసి రాసి ఇచ్చాను. గాజువాక ఆయన దాన్ని ఆటోలో ఇంటికి తీసుకెళ్లి, గంట తర్వాత ఫోన్ చేసి అమ్మగారికి ఇచ్చారు.

"ముఖం నాదే నాయనా" అన్నారు ఆవిడ. కొంచెంసేపు ఆగారు. "చేతులూ బాగున్నాయి. గాజులు మాత్రం నావి కావు. ఈ ఎర్రగాజులు నానెప్పుడూ వెయ్యలేదు. నాకు పచ్చవే."

మణికట్టు దగ్గర మాస్క్ గీసి, ఆ రాత్రే పచ్చగాజులు వేసి మళ్లీ ప్రింట్ తీయించాను.